త్రేన్పులకు కారణం పళ్లసెట్టు కూడా కావచ్చు

"కడుపుల గాలే గాలి సారూ! ఏం తిన్నా గ్యాసే అయితున్నది. అన్నం తిన్నా అంతే, మంచినీళ్లు తాగినా అంతే."

ఈ మాట వినని డాక్టరు మన రాష్ట్రంలో ఉండడు. ఆ మాటన్న పెద్దమనిషి నల్లగొండ జిల్లా చండూరు వైపు నుంచి వచ్చాడు. రిటైరైన బడిపంతులు, వయస్సు అరవై మూడు. కుర్చీలో కూర్చున్న అయిదు నిమిషాల్లో పదిసార్లు పెద్దగా త్రేన్చాడు. పక్కనే ఉన్న ఆయన భార్య సిగ్గుతో తల వంచుకున్నది. "పెండ్లికి పోదామన్నా రాడు సారూ. నలుగుర్ల త్రేన్పులు వస్తే ఏమనుకుంటరో అని బుగులు" అన్నదామె.

పంతులుగారు అప్పటికే పప్పులు మానేశాడు. తరువాత ఆలుగడ్డ మానేశాడు, పాలు మానేశాడు. చివరకు రాత్రి భోజనమే మానేశాడు. అయినా త్రేన్పులు తగ్గలేదు. వాము నమిలాడు, సోడా తాగాడు, రకరకాల మాత్రలు మింగాడు. ఏడాదిలో ఎన్నడూ ఎవరూ ఆయన నోరు తెరిచి చూడలేదు. కారణం మాత్రం అక్కడే ఉంది. మాట్లాడుతున్నప్పుడు ఆయన కింది పళ్లసెట్టు టకటకమంటూ పైకి లేస్తోంది.

కదిలే పళ్లసెట్టుకూ కడుపు ఉబ్బరానికీ సంబంధమేమిటని మీకు అనుమానం రావచ్చు. ఆ సంబంధం అర్థమైతే పిల్లల బబుల్‌గమ్ సంగతీ, కూల్‌డ్రింకులో వేసుకునే స్ట్రా సంగతీ కూడా అర్థమవుతాయి. ఎందుకంటే మూడూ చేసే పని ఒకటే. మనకు తెలియకుండా మన చేత గాలి మింగిస్తాయి.

ప్రతి గుక్కతోనూ గాలి

మనం ఏది మింగినా దానితోపాటు కొంత గాలి లోపలికి పోతుంది. ఇది రోగం కాదు, అందరికీ జరిగేదే. 10 మి.లీ. నీళ్లు, అంటే రెండు చెంచాల నీళ్లు మింగితే, దానితో దాదాపు అంతే గాలి, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువ గాలి కూడా జీర్ణాశయంలోకి పోతుంది. తిండీ నీళ్లూ లేనప్పుడు కూడా మనం ఊరికే ఉండం. నోట్లో ఊరే లాలాజలాన్ని మెలకువగా ఉన్నంతసేపూ ఇంచుమించు నిమిషానికి ఒకసారి చొప్పున మింగుతూనే ఉంటాం.

ఇలా పోయిన గాలి జీర్ణాశయం పైభాగాన చేరుతుంది. అది కొంత పోగుపడి జీర్ణాశయపు గోడలు సాగగానే, అన్నవాహిక అడుగున ఉండే కండరపు మూత కొన్ని క్షణాలు సడలుతుంది. గాలి పైకి తన్నుకొస్తుంది. అదే త్రేన్పు. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి ఎక్కువైతే వెయిట్ లేచినట్టే అనుకోండి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా రోజుకు 30 దాకా త్రేన్పులు రావచ్చు. అందులో చాలావాటిని మనం గమనించం కూడా.

పైకి రాని గాలి పేగుల్లోకి దిగుతుంది. మనం పీల్చే గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నత్రజని ఉంటుంది. పేగులు దాన్ని అంత తేలికగా పీల్చుకోలేవు. కాబట్టి అది పేగుల వెంట ప్రయాణించి కింది నుంచే బయటపడాలి. ఈలోగా పొట్ట బిగదీసినట్టుంటుంది, గుడగుడమంటుంది, సాయంత్రానికి పంచె ముడి వదులు చేసుకోవలసి వస్తుంది.

భోజనం చేసి వెంటనే వెల్లకిలా పడుకునేవారికి ఈ బాధ ఎక్కువ. కూర్చుని ఉంటే గాలి పైన, తిండి కింద ఉంటాయి, కాబట్టి గాలికి నోటి దారి దొరుకుతుంది. వెల్లకిలా పడుకుంటే అన్నవాహిక ద్వారాన్ని ద్రవం కప్పేస్తుంది. పైదారి మూసుకుపోయిన గాలి కిందికి, పేగుల్లోకి జారుతుంది.

పళ్లసెట్టు ఎందుకు వదులవుతుంది?

పంతులుగారు పుట్టి పెరిగింది ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లో. నల్లగొండ జిల్లాకు ఈ బాధ ఎంత పాతదంటే, 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే విధానాన్ని రూపొందించి దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరే పెట్టారు. పళ్లు దవడలో తయారవుతున్న చిన్నతనంలో అలాంటి నీళ్లు తాగినవారికి పళ్లమీద సుద్దరంగు, గోధుమరంగు మచ్చలు పడతాయి. మరీ ఎక్కువైతే పంటి పైపొర గుంటలు పడి పెళుసుగా రాలిపోతుంది. పంతులుగారి పళ్లు అటువంటివే. దానికి తోడు చిగుళ్ల జబ్బు వచ్చింది. అరవై ఒకటో ఏట మిగిలిన పళ్లన్నీ తీయించుకుని, కొద్ది రోజులకే సెట్టు కట్టించుకున్నాడు.

మొదట సెట్టు బాగానే కుదిరింది. ఏడెనిమిది నెలలకు వదులైంది. ఇది కట్టినవారి తప్పు కాదు, వాడినవారి తప్పూ కాదు. పన్ను ఉన్నంతకాలమే దాన్ని పట్టి ఉంచిన దవడ గట్టు బలంగా ఉంటుంది. పన్ను తీసేశాక ఆ ఎముకకు పని లేదు, అరిగిపోతుంది. మొదటి ఏడాదిలోనే ఆ అరుగుదల అన్నిటికన్నా ఎక్కువ. ఆ తరువాత మెల్లగా అయినా జీవితాంతం సాగుతూనే ఉంటుంది. కట్టుడు పళ్లవారిని 25 ఏళ్లపాటు గమనించి టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కింది దవడ గట్టు పైదవడ కన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుంది. చిగురు కిందికి దిగిపోయింది, సెట్టు మాత్రం పాత కొలతకే ఉంది. మధ్యలో సందు ఏర్పడింది. అందుకే వదులైందని చెప్పుకునే సెట్టు చాలాసార్లు కిందిదే అయి ఉంటుంది.

సందులో దూరే గాలి

వదులైన సెట్టు నోట్లో ఉన్నవారు మూడు విధాలుగా గాలి మింగుతారు.

మొదటిది, కదిలే సెట్టును నోరు ఒక పరాయి వస్తువులాగా భావిస్తుంది. లాలాజలం ఎక్కువ ఊరుతుంది. ఊరినకొద్దీ మింగాలి, మింగినకొద్దీ గాలి.

రెండవది, సెట్టు లేచినప్పుడల్లా నాలుకతో అదిమి, బుగ్గలు లోపలికి పీల్చి, దాన్ని మళ్లీ కుదురుగా కూర్చోబెడతారు. ఇది అలవాటై, రోజుకు ఎన్ని వందలసార్లు చేస్తున్నారో వారికే తెలియదు. పీల్చినప్పుడల్లా సెట్టు కింద సందులో ఉన్న గాలి, నురగతో కలిసిన ఉమ్మి గొంతులోకి పోతాయి.

మూడవది, నమలడం కుదరదు. జొన్నరొట్టె, కొబ్బరిముక్క, సకినం వంటివి పంటికింద నలగవు. పంతులుగారు రొట్టె ముద్దలను నీళ్లతో గుటుక్కున మింగేవాడు. పెద్ద ముద్ద, పెద్ద గుక్క, దానితోపాటు పెద్ద గాలిబుడగ. భోజనానికి రెండు లోటాల నీళ్లు అయ్యేవి.

ఇదంతా చూడకుండా పప్పులు మానేస్తే ఏం లాభం? పప్పు వల్ల వచ్చే గ్యాస్ వేరు. అది పెద్దపేగులో సూక్ష్మజీవులు పప్పులోని కొన్ని పిండిపదార్థాలను పులియబెట్టడం వల్ల పుడుతుంది. అది ముఖ్యంగా కింది నుంచే, తరచు వాసనతో పోతుంది. మింగిన గాలికి వాసన ఉండదు.

త్రేన్పు మీద త్రేన్పు

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. పంతులుగారి త్రేన్పులన్నీ జీర్ణాశయం నుంచి వచ్చినవి కావు. కడుపు బిగిసినట్టుంటే "ఒక త్రేన్పు వస్తే హాయిగా ఉంటుంది" అనుకుని కావాలని తెప్పించుకునేవాడు. మెడ కొంచెం ముందుకు సాచి, గొంతులోకి గాలి లాగి, వెంటనే బయటికి వదిలేవాడు. ఆ గాలి అన్నవాహిక వరకే పోయి క్షణంలో తిరిగి వచ్చేస్తుంది. జీర్ణాశయంలో ఉన్న గాలి ఉన్నట్టే ఉంటుంది. పైగా లాగిన గాలిలో కొంత కిందికి జారి ఉబ్బరాన్ని పెంచుతుంది. పెరిగిన ఉబ్బరం పోవడానికి మళ్లీ త్రేన్పు. బావిలోకి నీళ్లు పోస్తూ బావి తోడినట్టు ఉంటుంది వ్యవహారం. కొన్నాళ్లకు ఇది మన ప్రయత్నం లేకుండానే జరిగిపోయే అలవాటవుతుంది.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. ఇటువంటి త్రేన్పులు నిద్రలో రావు. మనసు వేరే దాని మీద ఉన్నప్పుడు, మాటల్లో పడినప్పుడు ఆగిపోతాయి. "నిద్దట్లో వస్తాయా?" అని అడిగితే పంతులుగారి భార్య ఒక్క క్షణం ఆలోచించి, "రావు సారూ, మనుమడికి లెక్కలు చెప్పేటప్పుడు గూడ రావు" అన్నది. సగం రోగనిర్ణయం ఆ మాటతోనే అయిపోయింది.

సోడా సంగతి కూడా చెప్పుకోవాలి. గోలీసోడా అయినా, సీసా కూల్‌డ్రింకు అయినా అందులో ఒత్తిడితో ఎక్కించిన బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. అది బయటపడితే సీసాలోని పానీయానికి రెండు మూడు రెట్ల చోటు కావాలి. తినేసోడా నీళ్లలో కలుపుకుని తాగితే అది కడుపులోని ఆమ్లంతో కలిసి అదే వాయువును అక్కడే తయారుచేస్తుంది. తాగగానే పెద్ద త్రేన్పు వస్తుంది, "అమ్మయ్య, గ్యాస్ పోయింది" అంటాం. పోయింది మనం ఇప్పుడే పోసుకున్న గ్యాసే!

మనుమడి గమ్, కోడలి స్ట్రా

పంతులుగారి కథ విన్నాక ఆయన కోడలు కూడా ఒక మాట అడిగింది. పదమూడేళ్ల మనుమడికి సాయంత్రమయ్యేసరికి పొట్ట ఉబ్బుతోందట. వాడి జేబులో ఎప్పుడూ చూయింగ్ గమ్ ఉంటుంది. గమ్ నమిలినప్పుడు నోరు తిండి వచ్చిందనుకుంటుంది, మామూలుగా ఊరేదానికి ఎన్నో రెట్లు లాలాజలం ఊరుతుంది. తిండి అయితే కాసేపటికి అయిపోతుంది. గమ్ అయిపోదు. గంటసేపు నమిలితే గంటసేపూ ఉమ్మితోపాటు గాలి మింగుతూనే ఉండాలి. నోరు తెరిచి నమిలితే మరీ ఎక్కువ. భోజనమయ్యాక గంటలకొద్దీ వక్క చప్పరించే పెద్దవారికీ ఇదే వర్తిస్తుంది.

చక్కెర లేని గమ్‌లో ఇంకొక సంగతి ఉంది. తీపికోసం అందులో సార్బిటాల్ వంటి పదార్థాలు వేస్తారు. చిన్నపేగు వాటిని పూర్తిగా పీల్చుకోలేదు. పెద్దపేగుకు చేరి పులుస్తాయి. రోజుకు ఒకటి రెండు నమిలితే ఏమీ కాదు. ఎనిమిది పది బిళ్లలు నమిలేవారికి ఉబ్బరం, కొందరికి నీళ్ల విరేచనాలు కూడా కావచ్చు. ఇది మింగిన గాలి వల్ల కాదు, వేరే కారణం. కానీ మందు ఒకటే. గమ్ మానడమే.

స్ట్రాతో తాగడం కోడలి అలవాటు. జానెడు స్ట్రాలో నాలుగు మి.లీ. వరకు గాలి పడుతుంది. పెదవులు తీసి మళ్లీ పెట్టినప్పుడల్లా పానీయం కన్నా ముందు ఆ గాలే నోట్లోకి వస్తుంది. గ్లాసు అడుగున బరబరమని పీల్చే ఆ చివరి గుక్కలైతే సగం గాలే. ఒక కొబ్బరిబోండం తాగినందువల్ల వచ్చే నష్టమేమీ లేదు. రోజూ మజ్జిగ, నిమ్మరసం, కూల్‌డ్రింకు అన్నీ స్ట్రాతోనే తాగుతూ ఉబ్బరంతో బాధపడేవారు రెండు వారాలు గ్లాసు అంచుకు పెదవి ఆనించి, చిన్న గుక్కలతో తాగి చూడండి. గ్లాసు పైకెత్తి గటగటా పోసుకోవడం మాత్రం స్ట్రా కన్నా మేలు కాదు.

మీ సెట్టు వదులుగా ఉందా?

అద్దం ముందు కూర్చుని ఈ పరీక్షలు చేసుకోండి. కింది సెట్టు పెట్టుకుని నోరు సగం తెరిచి నాలుక కొంచెం బయటికి చాపండి. సెట్టు తేలినట్టు లేస్తే వదులైనట్టే. ఒకవైపు దవడపళ్ల మీద వేలితో అదమండి. రెండోవైపు లేస్తే చిగురుకూ సెట్టుకూ మధ్య సందు ఉన్నట్టు. మాట్లాడితే టకటకమనడం, సెట్టు కింద తిండిమెతుకులు చేరడం, ఒకేచోట మాటిమాటికీ పుండు పడడం ఇవన్నీ అదే చెబుతాయి.

ఆ తరువాత ఒక కాగితం తీసుకోండి. మూడు రోజులపాటు రోజూ ఒకే వేళకు, సెట్టు పెట్టుకుని గంటలో ఎన్ని త్రేన్పులు వచ్చాయో గీతలు పెట్టండి. ఇంకో మూడు రోజులు అదే వేళకు, భోజనం చేసి సెట్టు తీసేశాక లెక్కపెట్టండి. పంతులుగారికి సెట్టుతో గంటకు ఇరవై దాటిన గీతలు సెట్టు తీశాక ఏడెనిమిదికి దిగాయి. అంత తేడా కనబడితే డబ్బు ఖర్చు పెట్టవలసింది మాత్రల దుకాణంలో కాదు, దంతవైద్యుని దగ్గర.

దంతవైద్యుడు ప్రతిసారీ కొత్త సెట్టే కట్టనక్కరలేదు. పళ్లు బాగుండి, లోపలి కుదురు మాత్రమే పోయి ఉంటే, చిగురు కొలత మళ్లీ తీసి సెట్టు లోపలివైపు కొత్త పొర వేస్తారు. దీన్ని రీలైనింగ్ అంటారు. పళ్లు తీయించుకున్న మొదటి ఏడాదిలో ఇది చాలామందికి అవసరమవుతుంది, కాబట్టి సెట్టు కట్టించుకునేటప్పుడే దాని గురించి అడిగి పెట్టుకోండి. సెట్టును ఇంట్లో ఆకురాయితో రాయడం, లోపల దూదో గుడ్డపేలికో పెట్టడం చేయకండి. చిగురు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, ఎముక ఇంకా త్వరగా అరుగుతుంది. అంటించే పొడి, పేస్టు నాలుగు రోజుల అవసరానికే. రోజురోజుకూ ఎక్కువ పూయవలసి వస్తోందంటే సెట్టు పని అయిపోయిందని అర్థం. రాత్రి పడుకునేముందు సెట్టు తీసి, కడిగి, నీళ్లలో వేసి ఉంచాలి.

పంతులుగారికి సెట్టు లోపల కొత్త పొర వేయించాం. రొట్టెను చిన్న ముక్కలుగా తుంచి, పాలలోనో పప్పులోనో నానబెట్టి, రెండువైపులా సమంగా నమలమన్నాం. ముద్ద మింగాకనే నీళ్లు, అదీ చిన్న గుక్క. భోజనమయ్యాక గంటసేపు కూర్చోవడమో నెమ్మదిగా నడవడమో. పప్పు మళ్లీ మొదలుపెట్టించాం.

కావాలని తెచ్చుకునే త్రేన్పు అలవాటుకు వేరే ఉపాయం కావాలి. నోరు మూసి ఉంటేనే గాలి మింగడం తేలిక. కాబట్టి త్రేన్పు రాబోతున్నట్టు అనిపించగానే పెదవులు కొద్దిగా తెరిచి, నాలుక కొనను పైపళ్ల వెనుక ఆనించి, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోవాలి. పొట్ట లేచేటట్టు మెల్లగా ఊపిరి పీల్చి, ఇంకా మెల్లగా వదలాలి. అయిదు నిమిషాలు చాలు. మొదటి వారం కష్టంగా ఉంటుంది. "త్రేన్పు ఆపితే గాలి గుండెకు పోదా సారూ?" అని భయపడ్డాడాయన. పోదు. జీర్ణకోశానికీ గుండెకూ మధ్య గాలి పోయే దారి లేదు. రెండు నెలలకు ఆయన త్రేన్పులు భోజనం తరువాత రెండో మూడో మిగిలాయి. అవి మీకూ నాకూ కూడా వస్తాయి.

అన్నిటినీ గాలి మీద నెట్టకండి

ఉబ్బరమంతా మింగిన గాలే అనుకోవడం కూడా పొరపాటే. మలబద్ధకం, పాలు పడకపోవడం, పేగులు మామూలు గాలికే ఎక్కువగా స్పందించడం వంటి కారణాలుంటాయి. ఫ్లోరైడ్ నీళ్లు ఎక్కువకాలం తాగినవారిలో కడుపు బాధలు కూడా ఉంటాయని వైద్యులు గమనించారు. సెట్టు సరిచేయించి, గమ్, స్ట్రా, సోడా మానేసి నెల గడిచినా తేడా లేకపోతే డాక్టరుకు చూపించుకోండి.

కొన్ని లక్షణాలుంటే నెల కూడా ఆగకూడదు. ముద్ద గొంతులోనో రొమ్ములోనో అడ్డుపడడం, బరువు తగ్గడం, మాటిమాటికీ వాంతులు, రక్తపు వాంతి, తారులాంటి నల్లని విరేచనం, పాలిపోవడం, యాభై ఏళ్లు దాటాక మొదటిసారిగా అజీర్తి మొదలుకావడం — వీటికి పరీక్షలు అవసరం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి ఉంటే, త్రేన్పులు వస్తున్నా సరే, "గ్యాసేలే" అని సోడా తాగి పడుకోకండి. గుండెపోటులో కూడా త్రేన్పులు రావచ్చు. 108కు ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇవేవీ లేకుండా త్రేన్పులు, ఉబ్బరం మాత్రమే ఉంటే, పప్పుడబ్బా మూత బిగించే ముందు ఒకసారి అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి.